ఫోటో కింద పేరు తప్పు పడితే ఎవలది బాధ్యత?

రెండేండ్ల కిందటి ముచ్చట. మా కొత్తకోట దిక్కు ఒక భూమి పంచాయితీ కాడ తీసిన ఫోటో ఒక పోరడు నాకు పంపిండు. ఎడమ దిక్కు నిలబడ్డది ఫిర్యాదు ఇచ్చిన రైతు, కుడి దిక్కున్నది కబ్జా చేసిండని మాట పడ్డ మనిషి అని చెప్పిండు. నేను గట్లనే పేర్లు రాసి గ్రూపుల ఏసిన. అది సెల్ఫీ కెమెరాతోని తీసిన ఫోటో. కొన్ని ఫోన్లల్ల అట్ల తీస్తే ఎడమది కుడికి, కుడిది ఎడమకు వస్తది. ఎనక గోడ మీది అక్షరాలు తిరగబడి కనబడ్తనే ఉన్నయి, నేనే చూడలే. గంట కాకముందే ఆ రైతు కొడుకు ఫోన్ చేసి, "అన్నా, మా నాయిన్నే కబ్జాకోరును జేస్తివి గదనే" అన్నడు. గుండె జారింది. నా నసీబు బాగుండి వాళ్లు మాటతోని ఇడిసిపెట్టిన్రు.

అందరు గట్ల ఇడిసిపెట్టరు. 2008 సెప్టెంబర్ 10న టైమ్స్ నౌ ఛానల్ల ఘజియాబాద్ కోర్టు పీఎఫ్ కుంభకోణం మీద వార్త వచ్చింది. అండ్ల ఆరోపణ వచ్చినోళ్లల్ల కలకత్తా హైకోర్టు జడ్జిగ చేసిన పి.కె. సామంత పేరున్నది. తెర మీద పడ్డ బొమ్మ మాత్రం పి.బి. సావంత్‌ది. ఈయన సుప్రీంకోర్టు జడ్జిగ రిటైరై, ప్రెస్ కౌన్సిల్ ఛైర్మన్‌గ చేసినాయన. సామంత, సావంత్. పేర్లు దగ్గర దగ్గర, మనుషులు ఏరు. బొమ్మ కనబడ్డది సుమారు 15 సెకండ్లు.

ఛానల్ ఏమన్నది? కావాలని చెయ్యలే, పొరపాటు అన్నది. బొమ్మ తీసేసింది గని, క్షమాపణ చెప్పేటాలకు పది దినాలు దాటినయి, అది కూడ ఆయన ఉత్తరం రాసినంకనే. సావంత్ పుణె కోర్టుల సివిల్ దావా ఏసిండు. 2011 ఏప్రిల్‌ల ఆ కోర్టు 100 కోట్ల రూపాయలు కట్టుమన్నది. ఛానల్ అప్పీలుకు పోతే, వసూలు ఆగాల్నంటే 20 కోట్లు కోర్టుల కట్టి, 80 కోట్లకు బ్యాంకు గ్యారంటీ పెట్టుమని బొంబాయి హైకోర్టు అన్నది. సుప్రీంకోర్టు కూడ ఆ షరతును మార్చలే. గంత సొమ్ము ఏంది, మీడియా గొంతు పిసుకుడు కాదా అని అప్పట్ల శానమంది అడిగిన్రు. నాకు కూడ ఆ లెక్క ఎక్కువనే అనిపిస్తది. కాని తప్పు జరగలే అని మాత్రం ఎవలు అనలేకపోయిన్రు.

తమ్ముల్లారా, ఈడ ఒకటి పట్టుకోవాలె. సివిల్ దావాల నీ మనసుల ఏమున్నదని కాదు, చూసినోళ్లకు ఏం అర్థమైందని చూస్తరు. కింద రాసిన పేరు, మీదున్న మొఖం కలిపి చదువుతరు. రాత సక్కగున్నా, మొఖం తప్పైతే ఆ మొఖమోని పరువు పోయినట్టే.

క్రిమినల్ దిక్కు జెర ఏరే. 2024 జులై నుంచి అది భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్. రెండేండ్ల దాక సాదా జైలు, లేకుంటే జరిమానా, లేకుంటే రెండూ, కాకుంటే సమాజ సేవ. ఈడ పరువు తియ్యాలన్న ఉద్దేశమన్న ఉండాలె, పోతదని తెలిసన్న ఉండాలె, లేకుంటే పోతదని అనుకునేటందుకు కారణమన్న ఉండాలె. మంచి మనసుతోనే పెట్టిన అంటే సరిపోదు. జాగ్రత్త, శ్రద్ధ లేకుంట చేసింది సద్బుద్ధి కాదని చట్టమే అంటది. గోడ మీద అక్షరాలు తిరగబడ్డయి కనబడ్తనే ఉన్నా చూడని నా అసోంటోడు అక్కడ ఏం జవాబిస్తడు?

నేను రాయలే, ఫార్వర్డ్ చేసిన అనేటోళ్లు ఉన్నరు. 2024 ఫిబ్రవరిల ఢిల్లీ హైకోర్టు కేజ్రీవాల్ కేసుల, పరువు తీసే పోస్టును మళ్ల పంచుడు కూడ పరువు నష్టమే అయితదన్నది. తర్వాత ఆయన సుప్రీంకోర్టుల అది నా తప్పే అని ఒప్పుకున్నడు.

పేరు సెర్చ్ చేసి వచ్చిన మొదటి బొమ్మను తీసుకునుడే మనకాడ పెద్ద జబ్బు. మన మండలంల ఒక్క ఆంజనేయులు పేరు మీద ఎంతమంది దొరుకుతరో ఎరుకే గద. తండ్రి పేరు, ఊరు, ఫోటో తీసింది ఎవలు, ఎప్పుడు అని అడుగు. సాధ్యమైతే ఆ మనిషికే ఫోన్ చెయ్యి. ఫోటోల ఉన్నోళ్లల్ల ఎవలన్న గుర్తు పట్టకుంటే పేరు రాయకు, లేకుంటే ఫోటోనే పెట్టకు. మనిషి సరైనోడే అయినా, కేసు తేలనంత దాక "ఆరోపణ ఎదుర్కొంటున్నడు" అనే రాయాలె, "దొంగ" అనొద్దు.

తప్పు పడ్డంక ఉత్తగ తీసేస్తే పని కాదు. అప్పటికే ఎవలెవలకో పోయిన కాపీ నీ గ్రూపుల తీసేస్తే పోదు. నేను ఆ దినం రెండు పేర్లు పెట్టి, ఎవలు ఎవలో, ఎట్ల తప్పైందో రాసి, అదే గ్రూపుల మళ్ల ఏసిన. పంచినోళ్లకు ఒక్కొక్కలకు పంపిన. సాయంత్రం దాక అదే పని.

ఒకవేళ నీ మొఖమే వేరేటోని పేరు కింద పడితే, ముందు తేదీ, పెట్టినోని పేరు కనబడేటట్టు స్క్రీన్‌షాట్ తియ్యి, లింకు దాచు. సవరణ చెయ్యుమని రాతపూర్వకంగ అడుగు. పరువు నష్టానికి పోలీసోళ్లు సొంతంగ కేసు కట్టరు, మేజిస్ట్రేటు కాడ నువ్వే ఫిర్యాదు ఇయ్యాలె, దానికి మూడేండ్ల గడువు. సివిల్ దావాకు అయితే అచ్చైన దినం నుంచి ఒక్క ఏడాదే. ఆయిటి పనులు అయినంక చూద్దాం తియ్యి అనుకుంట కూసుంటే గడువు దాటిపోతది.