ఐదో లక్షణం కోసం ఎదురుచూపు

బాలవైద్య పాఠ్యగ్రంథాల్లో కవాసాకీ వ్యాధికి కేటాయించిన పేజీలో ఒక పట్టిక తప్పక కనిపిస్తుంది. ఐదు రోజులైనా తగ్గని జ్వరం, దానికి తోడు ఐదు లక్షణాల్లో కనీసం నాలుగు: పుసి లేకుండా ఎర్రబారిన కళ్ళు, పగిలిన పెదవులూ ఎర్రని నాలుకా, ఒంటి మీద దద్దురు, వాచిన చేతులూ పాదాలూ, మెడలో ఉబ్బిన గ్రంథి. విద్యార్థులు దీన్ని కంఠస్థం చేస్తారు. ఆ తర్వాత జీవితాంతం లెక్కపెడుతూనే ఉంటారు. మూడే ఉన్నాయి కనుక ఇది కవాసాకీ కాదు, మరో రెండు రోజులు చూద్దాం అంటారు. ఆ రెండు రోజులకు మూల్యం చెల్లించేది బిడ్డ గుండె ధమనులు.

ఈ పట్టికకు ఇంత అధికారం ఎక్కడినుంచి వచ్చింది? టోక్యోలోని రెడ్‌క్రాస్ ఆసుపత్రిలో తొమిసాకు కవాసాకీ 1961లో తొలి బిడ్డను చూశారు. 1967లో యాభైమంది పిల్లల వివరాలతో జపనీస్ భాషలో వ్యాసం ప్రచురించారు. కంటికి కనిపించినదాన్ని అంత ఓపికగా వర్ణించిన వైద్యరచనలు అరుదు. అయితే అప్పటికి ఆయన దృష్టిలో అది తనంతట తానే తగ్గిపోయే జబ్బు. కోలుకున్నారనుకున్న పిల్లలు హఠాత్తుగా మరణించడం, శవపరీక్షల్లో గుండె ధమనులు గడ్డకట్టిన రక్తంతో మూసుకుపోయి కనిపించడం ఆ తర్వాతే అందరి దృష్టికీ వచ్చాయి. అంటే, గుండెకు ముప్పుందని తేలకముందు చేసిన వర్ణనే నేటి పట్టికకు మూలం. అందులో గుండె ప్రసక్తే లేకపోవడంలో వింతేముంది? వ్యాధిని గుర్తుపట్టడానికి ఆయన ఇచ్చిన ఆనవాళ్ళను, చికిత్సకు అనుమతిపత్రంగా మార్చినది తరువాతివారు.

ధమని గోడ పట్టికను చదవదు. తొలి రెండు వారాల్లో తెల్లరక్తకణాలు ఆ గోడలోకి చొరబడి, దానికి సాగే గుణాన్నిచ్చే పొరను ఛిద్రం చేస్తాయి. బలహీనపడిన గోడ రక్తపు ఒత్తిడికి బుడగలా ఉబ్బుతుంది. ఇదే అన్యూరిజం. ఉబ్బిన చోట రక్తప్రవాహం మందగిస్తుంది. సరిగ్గా అదే సమయంలో, రెండు మూడు వారాల నాటికి, రక్తంలో ప్లేట్‌లెట్లు విపరీతంగా పెరుగుతాయి. గడ్డ కట్టడానికి ఇంతకంటే అనువైన ఏర్పాటు ఉండదు. చికిత్స లేకపోయినా జ్వరం కొన్నాళ్ళకు దిగిపోతుంది. ఇల్లంతా ఊపిరి పీల్చుకుంటుంది. తెగిన పొర మాత్రం యథాస్థితికి రాదు.

ఇమ్యునోగ్లోబ్యులిన్ చేసే మేలంతా ఈ విధ్వంసం పూర్తికాకముందే శోథను చల్లార్చడంలో ఉంది. ఏర్పడిన ఉబ్బును అది కరిగించదు. 1986లో అమెరికాలో వెలువడిన పరీక్షా ఫలితాల ప్రకారం, రెండు వారాల నాటికి ఆస్పిరిన్ మాత్రమే అందుకున్న పిల్లల్లో 23 శాతం మందికి ధమని లోపాలు కనిపించగా, ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అందుకున్నవారిలో అవి 8 శాతానికి పరిమితమయ్యాయి. తర్వాత 1991లో, నాలుగు రోజుల పాటు కొద్దికొద్దిగా ఇవ్వడం కన్నా కిలో బరువుకు 2 గ్రాముల చొప్పున ఒకేసారి ఎక్కించడం మేలని తేలింది. జ్వరం మొదలైన పది రోజుల్లోపు ఇవ్వాలన్నది నియమం. పదో రోజు దాటినా జ్వరమో శోథ సూచికలో ఇంకా ఉంటే ఇవ్వవలసిందే. కానీ గడువు పదిరోజులని తొమ్మిదో రోజు దాకా ఆగడం తెలివి కాదు.

పట్టిక అందరికన్నా ఎక్కువగా మోసగించేది ఆరు నెలలలోపు పసికందుల విషయంలో. ఉదాహరణకు, గుంటూరులో పుట్టి, తల్లితో కలిసి అమెరికాలోని తండ్రి దగ్గరికి చేరిన ఐదు నెలల బిడ్డను ఊహించండి. బరువు 7 కిలోలు. మూడో రోజు జ్వరానికి యాంటీబయాటిక్ ఇస్తారు. నాలుగో రోజు దద్దురు వస్తే ఆ మందు పడలేదంటారు. చామనఛాయ ఒంటి మీద అదీ అస్పష్టమే. ఐదో రోజు కళ్ళు ఎర్రబడి, మర్నాటికి తేటపడతాయి. మూత్రంలో చీముకణాలుంటే మూత్రాశయ ఇన్‌ఫెక్షన్ అంటారు. కల్చర్‌లో ఏ క్రిమీ పెరగదు. ప్రతి లక్షణానికీ విడివిడిగా ఒక సాకు దొరుకుతుంది. ఈలోగా బిడ్డ ఎడమ భుజం మీది బి.సి.జి. మచ్చ ఎర్రగా పొంగి ఉంటుంది. జపాన్‌లోనూ మన దేశంలోనూ వైద్యులకు పరిచితమైన ఆనవాలది. పిల్లలకు బి.సి.జి. వేసే అలవాటే లేని అమెరికాలో ఆ చొక్కా చేతిని పైకెత్తి చూసేదెవరు?

ఏడో రోజున సి.ఆర్.పి. లీటరుకు 110 మిల్లీగ్రాములు; 30 దాటితేనే అనుమానించాలి. తెల్లకణాలు 18 వేలు, ఆల్బుమిన్ 2.8, రక్తహీనత, మూత్రంలో చీముకణాలు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2017 మార్గదర్శకాల ప్రకారం ఇటువంటి సూచనలు మూడున్నా చికిత్స మొదలుపెట్టవచ్చు. ఈ బిడ్డకు నాలుగున్నాయి. 14 గ్రాములు, పది పన్నెండు గంటల్లో ఎక్కించాలి. ఎకోలో ధమనులు మామూలుగా ఉన్నాయని ఆగకూడదు. మొదటి వారంలో అవి తరచు అలాగే కనిపిస్తాయి.

ఇలా అయితే ప్రతి జ్వరానికీ ఈ మందు ఎక్కిస్తారా అని ఆక్షేపించేవారున్నారు. దాతల ప్లాస్మా నుంచి తీసే మందు, ఖరీదైనది, పైగా హైదరాబాదులోనో విజయవాడలోనో ఆ ఖర్చు చాలామందికి పిడుగే. ఆక్షేపణ న్యాయమైనదే. కానీ దానికి జవాబు పై రక్తపరీక్షల్లోనే ఉంది. వాటి ఖర్చు మందు ఖరీదులో చిన్న వంతు. ఆ పరీక్షలు చేయించకుండా, లక్షణాలు లెక్కిస్తూ కూర్చోవడాన్ని పొదుపు అనలేం.

మందు ఇచ్చినా పది నుంచి ఇరవై శాతం పిల్లల్లో, ఎక్కించడం పూర్తయ్యాక 36 గంటలకు కూడా జ్వరం ఉంటుంది. అప్పుడు మరో మోతాదో, స్టెరాయిడో, ఇన్‌ఫ్లిక్సిమాబో అవసరమవుతుంది. ఆ పోరుకు మిగిలే రోజులు, మొదటి మోతాదు ఎన్నో రోజున ఇచ్చారన్నదాన్ని బట్టే ఉంటాయి.