ఇంటి పేరు కప్పితే సరిపోతుందా?

కొన్నేళ్ల క్రితం ఒక ప్రైవేటు సంస్థ ఉద్యోగాల ఇంటర్వ్యూలకు సబ్జెక్టు తెలిసిన బయటి వ్యక్తిగా నన్ను పిలిచింది. బల్లకు ఇవతల ముగ్గురం కూర్చున్నాం. మొదట వచ్చిన అభ్యర్థిని పెద్దాయన ఆప్యాయంగా పలకరించాడు. 'పూర్తి పేరు చెప్పు బాబూ' అన్నాడు. ఇంటి పేరు విన్నాక 'నాన్నగారు ఏం చేస్తారు?' అని అడిగాడు. ఆ తర్వాత డేటాబేస్‌లో నార్మలైజేషన్ ఎందుకు చేస్తారన్న ప్రశ్న వేశాడు. కుర్రాడు రెండు మాటలు చెప్పి ఆగిపోయాడు. 'కంగారు పడకు. ఒకే చిరునామాను నాలుగు చోట్ల రాసి, ఒక చోట మాత్రమే మార్చావనుకో, ఏమవుతుంది?' అని పెద్దాయన దారి చూపాడు. కుర్రాడు అందుకున్నాడు, చక్కగా ముగించాడు.

గంట తర్వాత మరొక అభ్యర్థి వచ్చాడు. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివినట్టు అతని రెజ్యూమేలోనే ఉంది. అదే ప్రశ్నకు, దాదాపు అదే చోట అతనూ ఆగాడు. 'సరే, తర్వాతి ప్రశ్న' అన్నాడు పెద్దాయన. నేను మొదటి అభ్యర్థికి పదికి ఏడు, రెండో అభ్యర్థికి నాలుగు వేశాను. చివర్లో 'రెండో అబ్బాయిలో కాన్ఫిడెన్స్ తక్కువ' అన్న మాటకు ముగ్గురం తలూపాం. ఆ గదిలో కులం అన్న పదం ఎవరి నోటా రాలేదు. ఆ రోజు ఎవరైనా నన్ను నిలదీసి ఉంటే, ఇద్దరినీ ఒకే ప్రశ్న అడిగామని నిజాయితీగానే జవాబు చెప్పి ఉండేవాణ్ణి. ప్రశ్న ఒకటే, అనుబంధ ప్రశ్న ఒకటి కాదు. ఆ తేడాకు మూడు మార్కులు ఖర్చయ్యాయి.

ఉద్యోగాల వడపోతలో వివక్షను తగ్గించాలన్నప్పుడల్లా ముందుగా వినిపించే పరిష్కారం పేర్లు కప్పడం. దానికి గట్టి ఆధారమే ఉంది. సుఖదేవ్ థోరట్, పాల్ అట్వెల్ 2005 అక్టోబరు నుంచి 66 వారాల పాటు ప్రధాన ఆంగ్ల పత్రికల్లో వచ్చిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు దరఖాస్తులు పంపి చూశారు. అర్హతలు సమానం, పేర్లు మాత్రం వేరు. 548 ప్రకటనలకు 4,808 దరఖాస్తులు వెళ్లాయి. 2007లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, అగ్రకుల హిందూ పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం మూడింట రెండు వంతులు, ముస్లిం పేరుకు మూడింట ఒక వంతు. అభ్యర్థి ముఖం చూడకుండా, గొంతు వినకుండా జరిగిన తిరస్కారమది.

అయితే మన దగ్గర పేరొక్కటి కప్పితే కులం దాగుతుందనుకోవడం అమాయకత్వం. ఒక తెలుగు విద్యార్థి రెజ్యూమేను బల్ల మీద పెట్టి చూడండి. తండ్రి పేరు ఉంటుంది, ఫొటో ఉంటుంది, ఊరు, వీధి ఉంటాయి. పదో తరగతి ఎదురుగా గురుకులం పేరో కార్పొరేట్ స్కూలు పేరో ఉంటుంది. కొందరు తమకొచ్చిన స్కాలర్‌షిప్‌ను గర్వంగా రాసుకుంటారు. ఎంట్రన్స్ ర్యాంకు పక్కన కేటగిరీ ర్యాంకు రాసేవారూ ఉన్నారు. పై భాగమంతా నల్ల సిరాతో కొట్టేసినా ఈమెయిల్ చిరునామాలో, పంపిన ఫైలు పేరులో ఇంటి పేరు నిక్షేపంగా మిగులుతుంది.

అందువల్ల కప్పే పని చదివేవారికి అప్పగించకూడదు. ఎంపికతో సంబంధం లేని ఒక ఉద్యోగి దరఖాస్తులకు అంకెలు వేసి, ఏ అంకె ఎవరిదన్న జాబితాను వేరుగా దాచాలి. సంస్థే ఒక ఫారం తయారు చేసి, అభ్యర్థి చేసిన పని, వచ్చిన నైపుణ్యం, మార్కులు మాత్రమే అందులోకి ఎక్కించడం ఇంకా మేలు. బడి పేరు ఎంపికకు అవసరం లేదు. కాలేజీ పేరు దగ్గర మాత్రం సంస్థలు మొండికేస్తాయి. ఫలానా కాలేజీ అంటే ఫలానా స్థాయి అన్న లెక్కను అవి వదులుకోవు. ఆ కాలేజీలో చేరడం వెనుక రెండేళ్ల కోచింగ్ ఫీజు ఉందన్న సంగతి ఆ లెక్కలోకి రాదు. స్థాయే తెలియాలంటే అందరికీ నలభై నిమిషాల ఒకే పని ఇచ్చి, దాన్ని దిద్దుకోవచ్చు.

దేనికి ఎన్ని మార్కులో దరఖాస్తులు విప్పకముందే కాగితం మీద రాయాలి. విప్పిన తర్వాత రాస్తే, నచ్చిన అభ్యర్థి దగ్గరున్నదే ప్రమాణంగా మారుతుంది. ప్రతి దరఖాస్తునూ ఇద్దరు విడివిడిగా చదివి మార్కులు వేశాకే కలిసి మాట్లాడుకోవాలి. ఒకే దరఖాస్తుకు ఒకరు పన్నెండుకు తొమ్మిది, మరొకరు నాలుగు వేశారంటే ప్రమాణం అస్పష్టంగా ఉందని అర్థం. ముసుగు పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఒకటుంది. ఇరవై దరఖాస్తులు చదివినవారిని ఆ అభ్యర్థుల నేపథ్యం ఊహించమనండి. వారి ఊహలు చాలావరకు నిజమవుతుంటే, కులం ఏదో సందులోంచి కారుతూనే ఉంది.

ఈ పద్ధతి మేలు మాత్రమే చేస్తుందని చెప్పలేం. 2010-11లో ఫ్రాన్స్‌లో పేరు, చిరునామా లేని రెజ్యూమేలతో ఒక ప్రయోగం చేశారు. అందులో స్వచ్ఛందంగా పాల్గొన్న సంస్థల్లో వలస కుటుంబాల, పేద వాడల అభ్యర్థులకు పిలుపులు పెరగలేదు సరికదా, తగ్గాయి. పేరు, చిరునామా కనిపించినప్పుడు ఆ సంస్థలు చదువులోని విరామాన్ని, చిన్న చిన్న ఉద్యోగాలను పరిస్థితుల వెలుగులో అర్థం చేసుకునేవని, ముసుగు ఆ అవకాశాన్ని మూసేసి ఉండవచ్చని పరిశోధకులు వివరించారు. మన మొదటి తరం విద్యార్థికీ ఈ ప్రమాదం ఉంది. తండ్రి జబ్బు పడితే ఏడాది పాటు కూలికి వెళ్లినవాడి కాగితం మీద మిగిలేది 'ఒక సంవత్సరం ఖాళీ' మాత్రమే. కులాన్ని కప్పే చేత్తోనే కులం చేసిన గాయాన్నీ కప్పేస్తాం. కాబట్టి విరామానికి మార్కులు కోయకూడదన్న నియమం ముందే రాసి ఉండాలి. వివరించుకునే గడి ఒకటి ఫారంలో అందరికీ ఉండాలి.

ఇంత చేసినా ఇంటర్వ్యూ గది తలుపు దగ్గర ముసుగు ఊడిపోతుంది. అభిజిత్ బెనర్జీ, మరికొందరు ఢిల్లీ పరిసరాల్లో చేసి 2009లో ప్రచురించిన అధ్యయనం ఇక్కడ ఆలోచింపజేస్తుంది. వారు పంపిన దరఖాస్తుల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు కులం పేర్ల వల్ల చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కాల్ సెంటర్ ఉద్యోగాల దగ్గర మాత్రం ముఖ్యంగా ఓబీసీ పేర్లకు పిలుపులు తగ్గాయి. మాటతీరు, నడవడిక వంటి కొలవలేని గుణాలకు విలువ పెరిగే చోట పేరు బరువు కూడా పెరుగుతుందని దీన్నుంచి నేను అర్థం చేసుకుంటున్నాను. ఇంటర్వ్యూ అంటే అచ్చంగా అలాంటి చోటే. సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ మాట్లాడించిన మానవ వనరుల అధికారులు కులాన్ని చూడబోమంటూనే, కుటుంబ నేపథ్యం మాత్రం తప్పక అడుగుతామన్నారు. నాన్నగారు ఏం చేస్తారన్న పలకరింపు అందుకే పలకరింపు కాదు. రైల్వే అధికారి కొడుక్కి అది కుర్చీలో సర్దుకుని కూర్చునే వ్యవధి. పారిశుద్ధ్య కార్మికురాలి కూతురికి అది మొదటి పరీక్ష.

ఆ ప్రశ్నను తీసేయడం తేలిక. కష్టమైనది అనుబంధ ప్రశ్న. ప్రధాన ప్రశ్నలను అందరికీ ఒకే వరసలో అడుగుతున్నామని చెప్పుకునే సంస్థలు చాలానే ఉన్నాయి. జవాబు తర్వాత వచ్చేది మాత్రం ఎవరూ రాసుకోరు. ఒకరికి అక్కడ చేయూత దొరుకుతుంది, ఒకరికి మౌనం, ఇంకొకరికి 'ఇది నిజంగా నువ్వే చేశావా?' అన్న క్రాస్ ఎగ్జామినేషన్. నార్మలైజేషన్ ప్రశ్ననే తీసుకుందాం. అభ్యర్థి ఆగితే పది సెకన్లు ఆగాలని, ఆ తర్వాత నాలుగు చిరునామాల ఉదాహరణను ఎదుటివారు ఎవరైనా అవే మాటల్లో చదవాలని ముందే రాసుకోవచ్చు. సూచన లేకుండా చెప్పినవారికి నాలుగు, సూచన తర్వాత చెప్పినవారికి మూడు, ఉదాహరణను మాత్రమే వివరించగలిగితే రెండు అని మార్కులూ నిర్ణయించుకోవచ్చు. బాగా చెప్పినవారిని 'దీనివల్ల నష్టం ఎప్పుడు?' అని లోతుకు తీసుకెళ్లదలచుకుంటే ఆ ప్రశ్న కూడా అందరికీ వేయాలి. ప్రాజెక్టు గురించి అడిగేటప్పుడు 'ఇందులో మీరు స్వయంగా చేసిన భాగం ఏది?' అన్నది గురుకులం విద్యార్థికి ఎంతో, పేరున్న కాలేజీ విద్యార్థికీ అంతే. మార్కులు ఆ క్షణంలోనే, పక్కవారిని అడగకుండా వేయాలి. 'కాన్ఫిడెన్స్' అన్న గడి ఫారంలో ఉండకూడదు. ఉద్యోగానికి మాటకారితనం నిజంగా కావాలంటే, కస్టమర్ ఫిర్యాదు ఒకటి ఇచ్చి జవాబు చెప్పమనండి.

ఇలా చేస్తే సంభాషణ యాంత్రికం అవుతుందని అనుభవజ్ఞులు నొచ్చుకుంటారు. అవుతుంది, కొంత. ఆ చనువు ఇన్నాళ్లూ ఎవరి వైపు ప్రవహించిందో తెలిశాక ఆ నష్టం గురించి నాకు పెద్దగా బెంగ లేదు.

వడపోత కులం చూడకుండా జరగాలి, లెక్క మాత్రం కులం చూసి తీయాలి. అభ్యర్థులు స్వచ్ఛందంగా ఇచ్చిన సామాజిక వర్గ వివరాన్ని ఎంపిక చేసేవారికి అందకుండా విడిగా ఉంచి, ప్రతి దశ దాటినవారిని లెక్కించాలి. ఒక ఉదాహరణ ఊహించుకుందాం. 160 మంది దరఖాస్తు చేస్తే అందులో 40 మంది ఎస్సీలు. ముసుగు వేసి చదివిన తర్వాత మిగిలిన 20 మందిలో వారు ఐదుగురు. అంటే మొదటి దశ సమంగానే ఉంది. ఇంటర్వ్యూ తర్వాత మిగిలిన ఆరుగురిలో ఒక్కరూ లేరు. అచ్చంగా చీటీలు తీసినా ఇలా జరిగే అవకాశం సుమారు ఎనిమిదింట ఒక వంతు ఉంటుంది కాబట్టి ఒక్కసారికే నేరం మోపలేం. అదే సంస్థలో మూడేళ్లు వరసగా ఇదే జరిగితే, అది యాదృచ్ఛికం అయ్యే అవకాశం నాలుగైదు వందల్లో ఒక వంతుకు పడిపోతుంది. అప్పుడు విప్పి చూడాల్సింది ఆ గదిలో వేసిన అనుబంధ ప్రశ్నల కాగితాలను. 'మేం కులం వివరాలే సేకరించం' అని గర్వంగా చెప్పుకునే సంస్థ ఈ లెక్క తీయలేదు.

ఉద్యోగుల సిఫారసుతో నిండే ఖాళీలకు ఈ పద్ధతులేవీ తగలవు. అక్కడ దరఖాస్తే బయటివారి దాకా రాదు. రాజ్యాంగంలోని 16(4) అధికరణ ప్రభుత్వ ఉద్యోగాల గురించే మాట్లాడుతుంది కాబట్టి, ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ల డిమాండ్‌కు ముసుగు రెజ్యూమే ప్రత్యామ్నాయం కాదు. ఆ పోరాటం దాని దారిన సాగాల్సిందే. ఈలోగా ప్రాంగణ నియామకాలకు వచ్చే సంస్థల ముందు విద్యార్థి సంఘాలు మూడు కోరికలు పెట్టవచ్చు. ముందే రాసిన మార్కుల ప్రమాణం చూపించమనవచ్చు. కుటుంబం గురించి అడగబోమన్న రాతపూర్వక హామీ కోరవచ్చు. ప్రతి దశలో ఏ వర్గం వారు ఎందరు మిగిలారో ప్లేస్‌మెంట్ కార్యాలయానికి ఇవ్వమనవచ్చు. ఈ మూడింటికీ కొత్త చట్టం అక్కర్లేదు. గదిలోకి కంపెనీని అనుమతించే కాలేజీ అడిగితే చాలు.