గ్రిల్‌లో ఇంకో ఊచ, చేతికందే గడియ

జనగామలో మా అక్కవాళ్లు ఇంటి మీద ఫస్ట్ ఫ్లోర్ వేశారు. కిటికీ గ్రిల్స్ ఆర్డరిద్దామని వెల్డింగ్ షాపుకి వెళ్తే ఆయన ఫోన్‌లో యాభై డిజైన్లు చూపించాడు. నెమళ్లు, పువ్వులు, రింగులు... ఒక్కటి కూడా తెరుచుకునేది లేదు. "గ్రిల్ అంటే ఫిక్సే కదన్నా, తెరిస్తే దొంగలు రారా?" అన్నాడు.

దొంగ రాకూడదు, నిజమే. కానీ మెట్ల దగ్గర పార్క్ చేసిన బైకుకి మంట అంటుకుంటే పొగ నేరుగా పైకి వస్తుంది. అప్పుడు మనం ఎటు పోవాలి? 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు చనిపోయారు. వాళ్లలో మహబూబాబాద్ జిల్లా నుంచి పనికోసం వెళ్లినవాళ్లూ ఉన్నారు. ప్రాణం తీసింది పొగ. అక్కడ తప్పు గ్రిల్‌ది అనడం లేదు. మెట్లదారి మూసుకుపోతే కిటికీయే దిక్కు అంటున్నా.

మా అక్క కొడుక్కి రెండేళ్లు. అంటే ఆ కిటికీ వాడికి తెరుచుకోకూడదు, అక్కకి వెంటనే తెరుచుకోవాలి. దీన్ని ఎలా కుదిర్చామో చెప్తా.

కిటికీ నాలుగు అడుగుల వెడల్పు, నాలుగు అడుగుల ఎత్తు. గ్రిల్‌ని రెండు సగాలు చేశాం. ఒకటి ఫిక్స్, ఒకటి కీళ్ల మీద బయటికి తెరుచుకునే తలుపు. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. స్లైడింగ్ అద్దం సగమే తెరుచుకుంటుంది కదా, అద్దం జరిగే వైపే గ్రిల్ తలుపూ ఉండాలి. లేకపోతే గ్రిల్ తెరిచినా ముందు అద్దం అడ్డం. మాకు తెరిస్తే 22 అంగుళాల వెడల్పు, 44 అంగుళాల ఎత్తు ఖాళీ వచ్చింది, అంటే 6.7 చదరపు అడుగులు. అమెరికా ఇళ్ల కోడ్‌లో బెడ్రూం కిటికీకి కనీసం 5.7 అడుగులు, వెడల్పు 20 అంగుళాలకు తగ్గకూడదు అని ఉంది. కాబట్టి పెద్ద మనిషి దూరొచ్చు.

ఇక ఊచల మధ్య సందు. పిల్లల కోసం పెట్టే హద్దు 100 మిల్లీమీటర్లు, అంటే నాలుగు అంగుళాలు. ఊచ నడుమ నుంచి ఊచ నడుమకు కాదు, మధ్యలో ఖాళీకి కొలవాలి. ఆ తలుపు లోపలి వెడల్పు 560 మి.మీ., ఊచ మందం 12. "నాలుగు ఊచలు సరిపోతయ్" అన్నాడాయన. లెక్కేస్తే ఊచలకు 48 పోను 512 మిగిలింది, ఐదు సందులకు పంచితే 102. వెల్డింగ్‌లో ఒక ఊచ కొంచెం జరిగితే ఒక సందు 110 అయిపోతుంది. ఐదు ఊచలు పెడితే సందు 83 మి.మీ. తేడా ఒక్క ఊచ అంతే. మీ ఇంట్లో టేపు లేదా? ఏటీఎం కార్డు పొడవు 85.6 మి.మీ. దాన్ని అడ్డంగా సందులో పెట్టండి. పక్కన ఇంకా వేలి వెడల్పు కన్నా ఎక్కువ మిగిలితే ఇంకో ఊచ కావాలి.

నెమలి, పువ్వుల డిజైన్ వద్దన్నాం. అడ్డపట్టీలు, రింగులు పిల్లాడికి మెట్లు. ఊచలన్నీ నిలువుగా పెట్టి, వంగకుండా ఒక పట్టీ కిందకి ఆనించి, ఇంకోటి బాగా పైన వేయించాం. మంచం కూడా కిటికీకి దూరంగా జరిపాం.

గడియకి తాళం వద్దు. పొగలో తాళంచెవి ఎవరికీ దొరకదు. నేల నుంచి ఐదడుగుల ఎత్తులో, పైకి లేపి ఆ తర్వాత పక్కకి లాగితేనే వచ్చే గడియ పెట్టించాం. పిల్లాడికి అందదు, అందినా రెండు పనులు కలిపి చేయడం కష్టం. బయటి నుంచి దొంగ చెయ్యి పెట్టకుండా గడియ చుట్టూ బయటివైపు రేకు వెల్డ్ చేయించాం. కీళ్ల పిన్నులు బయటి నుంచి ఊడకుండా చూసుకోవాలి.

అన్నీ అయ్యాక పెయింటర్ వచ్చి గడియ మీద కూడా రంగేశాడు. ఎండాక అది కదల్లేదు! గీకి గ్రీజు పెట్టాల్సొచ్చింది. అందుకే నెలకోసారి, వానాకాలంలో తప్పకుండా, తెరిచి చూడాలి. ఇంట్లో పెద్దావిడ ఒక్క చేత్తో తీయగలిగితేనే అది పని చేస్తున్నట్టు.

ఒక్క మాట. గ్రిల్ తెరుచుకుంది కదా అని దూకొద్దు. ఫస్ట్ ఫ్లోర్ అయితే కింద నిచ్చెన వేస్తారు, పై అంతస్తులైతే గాలి పీల్చుకోవడానికి, అరిచి పిలవడానికి, ఫైర్ వాళ్లు లోపలికి రావడానికి ఆ కిటికీ. గది తలుపు మూసి, కింద సందులో తడిబట్ట పెట్టి, 101కి ఫోన్ చేయండి. మహబూబాబాద్‌లోనో భూపాలపల్లిలోనో అద్దెకుంటే, ఓనర్‌ని అడిగి కనీసం ఒక్క బెడ్రూం కిటికీకైనా, రోడ్డు వైపుది, ఈ తలుపు పెట్టించుకోండి.

మా గ్రిల్ చూసి ఆ వెల్డింగాయన అదే షాపు ముందర తన ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు. యాభై ఒకటో డిజైన్ అన్నమాట.