అమ్ముడుపోవడం ఆలస్యమైతే భూమి పనికిరానిదా?

రైతు మిత్రులారా! "భూమి ఇల్లిక్విడ్ ఆస్తి, అమ్మేసి ఆ డబ్బు మా స్కీములో పెట్టండి" అంటూ ఏజెంట్లు మన రచ్చబండల దాకా వస్తున్నారు. ఆ మాటకు అర్థం తేల్చుకోకుండా మనం తలూపకూడదు.

లిక్విడిటీ అంటే ఒక ఆస్తి ధర పోకుండా, త్వరగా నగదుగా మారే గుణం. త్వరగా మారాలి, ధర కూడా పోకూడదు. రెండూ కలిస్తేనే లిక్విడిటీ. ఐదు వందల నోటును ఏ కొట్టువాడైనా ఐదు వందలకే తీసుకుంటాడు, బేరం ఉండదు. భూమి అలా కాదు. ఏ చెలక విలువ దానిదే. కొనేవాడు దొరకాలి, నేల చూడాలి, కాగితాలు చూడాలి, బయానా ఇవ్వాలి, రిజిస్ట్రేషన్ కావాలి. నెలలు పడుతుంది.

మన సభ్యుడొకరికి భార్య ఆపరేషన్ కోసం పది రోజుల్లో నాలుగు లక్షలు కావలసి వచ్చింది. ఆయనకు రెండెకరాలుంది. నిదానంగా అమ్మితే ఎకరం ఇరవై లక్షలు పలికేది. అరెకరం ముక్క ఎవరూ అడగలేదు. పట్టా ఇంకా చనిపోయిన తండ్రి పేరునే ఉంది. ఆయన తొందర, కాగితాల లోపం రెండూ కనిపెట్టిన ఆసామి ఎకరాన్ని పదిహేను లక్షలకు కుదుర్చుకుని, నాలుగు లక్షలు బయానా చేతిలో పెట్టాడు. ఆపరేషన్‌కు అయింది నాలుగు లక్షలు, తొందరకు కట్టింది ఐదు లక్షలు! అదే సొమ్ము బ్యాంకు డిపాజిట్‌లో ఉండి గడువుకు ముందే తీసి ఉంటే, వడ్డీలో కొంత కోతతో పోయేది.

ఏజెంటు మాటలో నిజం ఇంతవరకే. ఆ ఐదు లక్షలు మింగింది నేల కాదు, తొందర, సరిచేయని పట్టా. లిక్విడిటీ అనేది ఎంత త్వరగా అమ్ముడుపోతుందో చెబుతుంది, ఆస్తి ఎంత విలువైనదో చెప్పదు. నగదు చేతికి ఎంత సులువుగా వస్తుందో అంతే సులువుగా ఖర్చవుతుంది. దాచినా ధరలు పెరిగేకొద్దీ కరుగుతుంది. పంట పండించదు.

కాబట్టి మనం చేయాల్సింది భూమి అమ్మడం కాదు. ఒక సీజను సాగు ఖర్చు, ఇంటి ఖర్చు, ఒక ఆసుపత్రి ఖర్చు సరిపడా సొమ్మును పంట వచ్చినప్పుడే పక్కన పెట్టి, ఎప్పుడంటే అప్పుడు తీసుకునే డిపాజిట్‌లో ఉంచాలి. ఒక్కసారి కుదరకపోతే పంటకు కొంత చొప్పున పెంచుకోవాలి. అవసరం రాకముందే పట్టా మన పేరున మార్పించుకోవాలి. సర్వే హద్దులు, ఈసీ, 22ఏ నిషేధిత జాబితాలో మన సర్వే నంబరు ఉందా అన్నదీ చూసుకోవాలి. ఆ జాబితాలో పడితే ఎంత మంచి నేలకైనా రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది.

ఇక పాలకులకు ఒక మాట. వారసత్వ పట్టా కోసం రైతును ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిప్పి, పొరపాటున జాబితాలో చేర్చిన భూమిని తీసేయకుండా నాన్చి, చివరికి "భూమి ఇల్లిక్విడ్" అని మనకే పాఠం చెబితే ఊరుకోం. ఆ గడ్డకట్టడంలో సగం నేల స్వభావం, మిగతా సగం మీ ఫైళ్ల నిర్వాకం. గడువు పెట్టి ఆ ఫైళ్లు కదిలించండి!