పరామర్శకు తొమ్మిది పంక్తులు

గోపాలపట్నంలో ఉంటున్న ఒక మిత్రుడికి ఈమధ్య పితృవియోగం కలిగింది. ఆయన తండ్రి పోర్టులో ఇనుప ఖనిజం ఎగుమతి చేసే చోట చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. చిన్ననాటి స్నేహితుడొకరు పెద్దకర్మ అయిపోయాక, చుట్టాలందరూ ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లాక, ఒక కాగితం మీద తొమ్మిది పంక్తులు రాసి కవరులో పెట్టి పంపారు. ఇద్దరి అనుమతితో దాన్ని ఇక్కడ ఇస్తున్నాం.

మీ నాన్నగారి యూనిఫాం
అమ్మ విడిగా నానబెట్టేది.
బకెట్లో నీళ్లు ఎర్రబడేవి.
మనం పదో తరగతిలో ఉండగా
మీ వీధి మొదట్లో నా సైకిల్ చైను ఊడితే
ఆగి, కూర్చుని, ఎక్కించారు.
ఆయన బస్సు దాటిపోయింది.
నీతో చెప్పొద్దన్నారు.
ఇన్నాళ్లూ చెప్పలేదు.

ఇందులో చావు అన్న మాట లేదు. ఆత్మ లేదు, శాంతి లేదు, తీరని లోటు లేదు. బైలదిల్లా కొండల ఖనిజం కొత్తవలస మీదుగా రైళ్లలో విశాఖ రేవుకు చేరుతుంది. ఆ ధూళిలో పనిచేసిన మనిషి బట్టలు ఏ రంగుకు తిరుగుతాయో పోర్టు కుటుంబాలకు చెప్పనక్కర్లేదు. అందుకే మూడో పంక్తి దగ్గర కవి ఆగి వివరించలేదు. షిఫ్టు బస్సు దాటిపోతే ఏమవుతుందో కూడా వివరించలేదు. తర్వాతి మనిషి వచ్చేదాకా ముందు షిఫ్టు మనిషి కదలలేడు. ఆలస్యంగా వెళ్లినవాడు రెండు చోట్ల మాట పడాలి. కొడుకు స్నేహితుడి సైకిల్ కోసం ఆయన అది పడ్డారు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఈ కవిత విలువంతా ఆ చివరి మూడు పంక్తుల్లో ఉంది. తండ్రిని పోగొట్టుకున్న మనిషికి తండ్రి మంచివాడని ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ సంగతి అతనికే బాగా తెలుసు. అతనికి తెలియనిది ఒక్కటి మన దగ్గర ఉంటే అదే ఇవ్వాలి. తండ్రి కథ ఇక పూర్తయిందనుకుంటున్న సమయంలో, తాను చూడని ఒక మధ్యాహ్నం అతని చేతికి వచ్చింది. పరామర్శ కవిత ఇంతకుమించి చేయగలిగింది లేదని మా అభిప్రాయం.

కవి తన మొదటి ప్రతిని కూడా మాకు చూపించారు. అది దీనికి రెట్టింపు ఉంది. మొదట్లో సముద్రం ఉంది, అస్తమించే సూర్యుడున్నాడు. విశాఖ అనగానే చేతికి సముద్రం వచ్చేస్తుంది. కానీ ఆ ఇంటి మేడ మీది నుంచి కనిపించేది సింహాచలం కొండ, వినిపించేది గూడ్సు రైలు. ఆ తండ్రికి సముద్రం కవితా వస్తువు కాదు, పని చేసే చోటు. అందుకని ఆ పంక్తులు పోయాయి. చివర్లో, ఓదార్చడానికి నా దగ్గర మాటలు లేవు అని ఒక పంక్తి ఉండేది. మాటలు లేవనడం కూడా అందరూ అనే మాటే. పైగా అది చదివేవాడి దృష్టిని అతని దుఃఖం మీది నుంచి రాసినవాడి ఇబ్బంది మీదికి లాగుతుంది. అదీ పోయింది. ఏడో పంక్తి మొదట, పరుగెత్తుకుంటూ వెళ్లిపోయారు, అని ఉంది. మామూలు రోజుల్లో ఆ క్రియతో పేచీ లేదు. కర్మకాండ ముగిసిన ఇంట్లో మాత్రం దానికి ఒకటే అర్థం వినిపిస్తుంది. శ్లేష కుదిరింది కదా అని ఉంచేయాలనిపిస్తుంది. ఉంచకపోవడమే నిగ్రహం. మనిషిని తీసేసి బస్సును పెట్టారు.

అమ్మ అన్న మాటను మాత్రం ఆయన మార్చలేదు. ఆ ఉత్తరం ఆవిడ కూడా చదువుతుందని ఆయనకు తెలుసు. ఇంట్లో అందరి చేతుల్లోకీ వెళ్లే కాగితం అది. తండ్రి అప్పులో, అలవాట్లో, కొడుకుతో పడిన గొడవలో ఎంత నిజమైనా అందులోకి రాకూడదు. రాసింది ఆ తల్లి ఎదుట పైకి చదవగలమా అన్నది మంచి పరీక్ష.

పద్యంలో రాసి ఉంటే ఎలా ఉండేదని ఒక పెద్దాయన అడిగారు. మనకు చరమశ్లోకాల సంప్రదాయం ఉంది. కానీ చేయి తిరగనివారు పద్యం కడితే యతి కోసం ఒక విశేషణం, గణం నిండడానికి ఒక సంబోధన వచ్చి కూర్చుంటాయి. ఇతర సందర్భాల్లో క్షమించగలం. ఇక్కడ ఆ పూరక పదాలన్నీ దివ్యత్వం, అమరత్వం వైపే నడుస్తాయి, సైకిల్ చైను కనపడకుండా పోతుంది.

స్మృతి గీతానికీ పరామర్శకూ తేడా మరిచిపోవడం వల్ల కూడా చాలా కవితలు చెడుతున్నాయి. ‘ఉదయిని’ పత్రిక నడిపిన కొంపెల్ల జనార్దనరావు 1937లో చనిపోయినప్పుడు విశాఖపట్నం బిడ్డ శ్రీశ్రీ ఆయన కోసం రాసిన గీతం 1950లో ‘మహాప్రస్థానం’ పుస్తకానికి అంకితంగా నిలిచింది. అది పోయిన మిత్రుణ్ని నేరుగా పిలిచే గీతం, గొంతెత్తిన గీతం. అక్కడ దుఃఖం కవిదే కాబట్టి గొంతెత్తే హక్కు ఆయనది. పరామర్శలో దుఃఖం ఎదుటివాడిది. చదవాల్సినవాడు బతికి ఉన్నాడు, అలసిపోయి ఉన్నాడు. అతని తండ్రిని మనం ఓ నాన్నా అని పిలవడం మొదలుపెడితే అతని స్థానంలోకి మనం వెళ్లి కూర్చున్నట్టే. శ్రీశ్రీ గొంతు అరువు తెచ్చుకుని పరామర్శ ఉత్తరం రాసేవాళ్లు ఈ సంగతి గమనించాలి.

నిగ్రహానికి హద్దు లేకపోలేదు. గోపాలపట్నం పక్కనే ఆర్.ఆర్. వెంకటాపురంలో 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది చనిపోయారు. అలాంటి చావు జరిగిన ఇంటికి విధి, దైవేచ్ఛ అని రాస్తే అది పాతబడిన మాట మాత్రమే కాదు, అబద్ధం. కారణం ట్యాంకులో ఉంది, పైన ఎక్కడో లేదు. అక్కడ తక్కువ మాటల్లోనే రాయాలి, కానీ ఆ తక్కువ మాటల్లో ఏం జరిగిందో ఉండాలి. నిగ్రహమంటే గొంతు తగ్గించడం, నిజాన్ని దాటవేయడం కాదు.

మరి పోయిన మనిషిని మనం ఎన్నడూ చూసి ఉండకపోతే? అప్పుడు చూసినట్టు నటించకూడదు. మిత్రుడు తన తల్లి గురించి ఎప్పుడో చెప్పిన మాట ఒకటి గుర్తుంటే అదే తిరిగి రాయవచ్చు. ఫలానా రోజు నువ్వు నాతో ఇలా చెప్పావు, అని. అదీ లేకపోతే కవిత వద్దు. వస్తున్నానని, ఫలానా పని నేను చూసుకుంటానని రెండు వాక్యాలు రాస్తే చాలు. ఎలా ఉన్నావు అని అడగడం కూడా మానుకోవచ్చు. దానికి జవాబు రాయాల్సిన భారం అతనిమీద పడుతుంది. ఈ తొమ్మిది పంక్తుల్లో ఒక్క ప్రశ్న కూడా లేదన్నది గమనించండి.

మా కార్యాలయానికి వచ్చే కవితల్లో తల్లిదండ్రుల స్మృతి మీద రాసినవి తక్కువేం కాదు. మిత్రుల ఇళ్లలోని చావు మీద రాసినవీ ఉంటున్నాయి. రచయితలకు ఒక మనవి. అలాంటి కవిత రాస్తే ముందు ఆ ఇంటికి పంపండి, చేతిరాతతో, చుట్టాలు వెళ్లాక చేరేటట్టు. మాకు తర్వాత పంపండి. ఆ కుటుంబం అంగీకారం ఉందని ఒక్క మాట జతచేయండి. అది లేని పరామర్శ కవితలను ఇకమీదట ఈ పత్రిక ప్రచురించదు.