దిమ్మెలు పెరిగితే ఐస్ పెరిగినట్టేనా?

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరబోట్ల వేటకు నిషేధం ఉంటుంది. ఆ 61 రోజులు ముగియగానే విశాఖపట్నం, కాకినాడ, నిజాంపట్నం వంటి రేవుల నుంచి వందల బోట్లు ఒక్కసారిగా కడలిలోకి బయలుదేరతాయి. ప్రతి బోటుకూ ఐస్ కావాలి. వర్షాలు ఇంకా పూర్తిగా అందుకోని ఆ రోజుల్లో తొట్టెల్లో నీళ్లు వెచ్చగానే ఉంటాయి. ఐస్ గిరాకీ, నీటి వేడి రెండూ ఒకే వారంలో పతాక స్థాయికి చేరతాయన్నమాట. అప్పుడు ఐస్ ప్లాంట్లపై పడే ఒత్తిడికి చాలాచోట్ల ఒకటే జవాబు కనిపిస్తుంది: అచ్చులను కాస్త ముందుగా పైకి లేపి, రోజుకు మరిన్ని దిమ్మెలు బయటకు పంపడం. గిరాకీని తీర్చే మార్గంగా ఇది కనిపిస్తుంది. కానీ ఉష్ణం లెక్క వేస్తే, ఇలా చేసినప్పుడు రేవుకు చేరే ఐస్ పెరగదు సరికదా తగ్గుతుందని తేలుతుంది.

ఆ లెక్క హైస్కూలు భౌతిక శాస్త్రానికి మించినదేమీ కాదు. కోల్డ్ స్టోరేజీకి అనుబంధంగా ఉండే ఒక మామూలు ఐస్ ప్లాంటును తీసుకుందాం. నేల మట్టంలో పెద్ద ఉప్పునీటి ట్యాంకు ఉంటుంది. అమ్మోనియా యంత్రం ఆ ఉప్పునీటిని సున్నాకు దాదాపు పది డిగ్రీల దిగువన ఉంచుతుంది. ఉప్పు వల్ల ఆ నీరు గడ్డకట్టదు. అందులో ఇనుప రేకు అచ్చులు వరుసలుగా దిగి ఉంటాయి. ఒక్కో అచ్చులో 50 కిలోల మంచినీరు పోస్తారు. మన ప్లాంటులో రోజుకు 200 దిమ్మెలు తయారవుతాయనుకుందాం. అంటే 10 టన్నులు.

30 డిగ్రీల దగ్గర అచ్చులోకి వచ్చిన నీరు ఐస్‌గా మారి బయటకు రావడానికి మూడు మెట్లు దిగాలి. మొదటిది, 30 డిగ్రీల నుంచి సున్నాకు చల్లబడటం. నీటి విశిష్టోష్ణం కిలోకు, డిగ్రీకి 4.2 కిలోజౌళ్లు. 50 కిలోలకు, 30 డిగ్రీలకు లెక్కిస్తే 6,300 కిలోజౌళ్ల వేడిని బయటకు తోడాలి. రెండోది, సున్నా దగ్గరే నిలిచి గడ్డకట్టడం. ఈ దశలో థర్మామీటరు కదలదు, కానీ అసలు పనంతా ఇక్కడే జరుగుతుంది. నీటి గుప్తోష్ణం కిలోకు 334 కిలోజౌళ్లు కాబట్టి 50 కిలోలకు 16,700. మూడోది, గడ్డకట్టిన ఐస్ మరో ఎనిమిది డిగ్రీలు దిగువకు చల్లబడటం. ఐస్ విశిష్టోష్ణం నీటిదానిలో సగమే, సుమారు 2.1. ఈ మెట్టుకు 840 కిలోజౌళ్లు చాలు.

మొత్తం కలిపితే దిమ్మెకు దాదాపు 23,840 కిలోజౌళ్లు. 200 దిమ్మెలకు ఇది సుమారు 1,320 కిలోవాట్-గంటల వేడి అవుతుంది. ఇది తోడవలసిన వేడి మాత్రమే, కాలే కరెంటు కాదు. శీతలీకరణ యంత్రం వేడిని పుట్టించదు, ఒకచోట నుంచి మరోచోటికి తరలిస్తుంది. అందువల్ల ఒక యూనిట్ కరెంటుతో సుమారు మూడు యూనిట్ల వేడిని బయటకు పంపగలదు. ఆ ప్రకారం టన్ను ఐస్‌కు 44 యూనిట్లు సరిపోవాలి. ట్యాంకు గోడల గుండా చొరబడే వేడి, ఉప్పునీటిని కలియబెట్టే మోటారు, పంపులు అన్నీ కలుపుకుంటే మన వంటి వేడి దేశాల్లో బ్లాక్ ఐస్‌కు టన్నుకు 55 నుంచి 70 యూనిట్ల దాకా అవుతుంది.

ఇప్పుడు సీజన్ ఒత్తిడికి వద్దాం. అదే యంత్రం, అదే ట్యాంకు. 24 గంటలు ఉంచవలసిన అచ్చులను 20 గంటలకే లేపి, రోజుకు 240 దిమ్మెలు తీస్తున్నారనుకుందాం. రోజుకు యంత్రం తోడగల వేడి దాదాపు మారదు. ఆ వేడిని 200 దిమ్మెలకు బదులు 240 దిమ్మెలు పంచుకోవాలి. ఒక్కో దిమ్మె వాటా 23,840 నుంచి సుమారు 19,870కి పడిపోతుంది. దాదాపు 3,970 కిలోజౌళ్ల లోటు.

ఈ లోటు ఏ మెట్టు మీద పడుతుందన్నదే కీలకం. మొదటి మెట్టును ఎవరూ తప్పించుకోలేరు. అచ్చులోని నీరంతా ముందు సున్నా దాకా దిగాల్సిందే, ఆ 6,300 కిలోజౌళ్లు పూర్తిగా చెల్లించాల్సిందే. కాబట్టి లోటు మొత్తం గడ్డకట్టే దశ మీదే పడుతుంది. కిలో నీరు గడ్డకట్టి, ఆపై చల్లబడటానికి దాదాపు 351 కిలోజౌళ్లు కావాలి. 3,970ని దానితో భాగిస్తే 11 కిలోలకు పైనే వస్తుంది. 50 కిలోల దిమ్మెలో అంత నీరు గడ్డకట్టకుండా నడుమ మిగిలిపోతుందన్నమాట.

ఇక రోజు మొత్తం లెక్క చూస్తే విడ్డూరంగా ఉంటుంది. 200 నిండు దిమ్మెల్లో 10,000 కిలోల ఐస్ ఉండేది. 240 బోలు దిమ్మెల్లో ఉన్నది సుమారు 9,300 కిలోలే. దిమ్మెలు 40 పెరిగాయి, ఐస్ 700 కిలోలు తగ్గింది. అదనంగా పోసిన 40 అచ్చుల నీటిని సున్నాకు దించడానికి యంత్రం పడ్డ శ్రమే ఈ 700 కిలోలను మింగేసింది. ఆ చల్లటి నీరు దిమ్మె పగలగానే నేలపాలవుతుంది. అసలు ప్లాంటులో ఈ అంకెలు కొంత అటూఇటూ అవుతాయి. ట్యాంకు ఉప్పునీరు కాస్త వెచ్చబడితే యంత్రం మునుపటికన్నా కొంచెం ఎక్కువ వేడిని తోడగలదు. అయినా ధోరణి ఇదే.

నష్టం ఎవరిదన్నది ఇక్కడ అసలు ప్రశ్న. రేవుల్లో ఐస్‌ను ఎక్కువగా దిమ్మెల లెక్కన కొంటారు. తూకం వేసినా మోసం బయటపడదు, ఎందుకంటే నడుమ ఉన్న నీరు కూడా అంతే బరువు తూగుతుంది. కానీ చేపను చల్లబరిచేది బరువు కాదు, ఐస్ కరిగేటప్పుడు పీల్చుకునే గుప్తోష్ణం. చేప విశిష్టోష్ణం సుమారు 3.6. కిలో చేపను 30 డిగ్రీల నుంచి సున్నాకు దించడానికి 108 కిలోజౌళ్లు కావాలి. దిమ్మెలో 11 కిలోల ఐస్ తగ్గితే దాదాపు 34 కిలోల చేపకు అందవలసిన చలువ తగ్గినట్టే. బోటులో వంద దిమ్మెలు వేసుకుని వారం పది రోజుల వేటకు వెళ్లిన మత్స్యకారుడికి ఈ లోటు నడిసముద్రంలోనే తెలుస్తుంది. అప్పుడు చేప మెత్తబడుతుంది, ఒడ్డున ధర పడిపోతుంది. దానికి కారణం ప్లాంటు దగ్గర కోల్పోయిన నాలుగు గంటలని నిరూపించే దారి అతనికి లేదు.

ప్లాంటు యజమానులు చెప్పే మాట కూడా వినాల్సిందే. బోట్లు బారులు తీరి ఉంటే, నిండు దిమ్మె కోసం సగం మందిని ఆపడం కన్నా అందరికీ ఏదో ఒకటి ఇవ్వడం మేలు కదా అంటారు. మొత్తం ఐస్ మారకుండా పంపకం మాత్రమే మారేట్టయితే ఆ వాదనలో న్యాయం ఉండేది. కానీ పంచడానికి ఉన్న ఐసే తగ్గిపోతోంది. పైగా టన్నుకు అయ్యే కరెంటు లెక్క కూడా తప్పుదారి పట్టిస్తుంది. రోజుకు 600 యూనిట్లు కాలే ప్లాంటులో 240 దిమ్మెలను 12 టన్నులుగా రాసుకుంటే టన్నుకు 50 యూనిట్లే అయినట్టు కనిపిస్తుంది. నిజంగా గడ్డకట్టిన 9.3 టన్నులకు లెక్కిస్తే అది దాదాపు 65 యూనిట్లు. పుస్తకంలో ప్లాంటు సామర్థ్యం పెరిగింది, వాస్తవంలో తగ్గింది.

మరి సీజన్‌లో ఐస్ పెంచే దారి లేదా? ఉంది, అదీ ఇదే లెక్కలో ఉంది. గుప్తోష్ణంతో బేరం కుదరదు, 334ను ఎవరూ తగ్గించలేరు. బేరం కుదిరేది మొదటి మెట్టు దగ్గర. అచ్చుల్లో పోయకముందే నీటిని వేరే తొట్టెలో 30 డిగ్రీల నుంచి 11 డిగ్రీలకు చల్లబరిస్తే, దిమ్మెకు దాదాపు ఆ 3,970 కిలోజౌళ్ల భారం ట్యాంకు మీద నుంచి తొలగుతుంది. అప్పుడు అదే యంత్రం 240 నిండు దిమ్మెల వేడిని తోడగలదు. నీటిని ముందుగా చల్లబరచడానికి మరో చిన్న యంత్రం కావాలి, దానికీ కరెంటు కాలుతుంది. కానీ నీటిని 11 డిగ్రీలకు దించే యంత్రం ఉప్పునీటి యంత్రమంత లోతైన చలిని పుట్టించనక్కర్లేదు. అందువల్ల అదే వేడిని తక్కువ కరెంటుతో తోడుతుంది.

దీనికీ హద్దు ఉంది. ఐస్ గోడల నుంచి లోపలికి పెరుగుతుంది. పెరిగే కొద్దీ ఆ పొరే వేడికి అడ్డుగా నిలుస్తుంది. అందుకే అచ్చు మందం రెట్టింపైతే గడ్డకట్టే సమయం దాదాపు నాలుగు రెట్లవుతుంది. మందపాటి అచ్చుల్లో చివరి కిలోలకు పట్టే గంటలను చల్లటి నీరు కొంతే తగ్గించగలదు. ఉప్పునీటిని మరీ చల్లబరిచి తొందరపెడితే కరెంటు ఖర్చు పెరుగుతుంది, దిమ్మెలు బీటలు వారతాయి కూడా.

ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన వంటి పథకాలు ఐస్ ప్లాంట్లను 10, 20, 30, 50 టన్నులంటూ రోజువారీ సామర్థ్యంతో గుర్తిస్తాయి. ఆ టన్ను అచ్చుల్లో పోసిన నీటిది కాకుండా గడ్డకట్టిన ఐస్‌ది కావాలి. దాన్ని పరీక్షించడానికి ప్రయోగశాల అక్కర్లేదు. అచ్చు నుంచి తీసిన దిమ్మెను అడ్డంగా పగలగొట్టి, లోపలి నీటిని వంపేసి, మిగిలినదాన్ని తూస్తే చాలు. నడుమ తెల్లగా కనిపించడం లోపం కాదు. నీటిలోని గాలి, లవణాలు చివరికి అక్కడికి నెట్టుకొచ్చి అలా కనిపిస్తాయి. లోపం తెలుపులో లేదు, తడిలో ఉంది. ప్లాంటు గేటు దగ్గర రెండు అంకెలు రాసి ఉంచడం తప్పనిసరి చేయాలి: దిమ్మె ట్యాంకులో ఎన్ని గంటలుంది, నీరు వంపాక ఎన్ని కిలోలు తూగింది. కొనే మత్స్యకారుడికి ఏ విశిష్టోష్ణం పాఠమూ అవసరం లేకుండానే, తాను డబ్బిచ్చింది ఐస్‌కో నీటికో ఆ రెండు అంకెలే చెబుతాయి.