"రేపు పరుగుంది, త్వరగా పడుకో" అనకండి

ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్‌కి పేరిచ్చిన ఇల్లాలికి శనివారం సాయంత్రం నుంచీ అందరూ చెప్పే మాట ఒక్కటే. "21 కిలోమీటర్లు పరిగెత్తాలి, తొమ్మిదింటికే పడుకో!" ప్రేమతో చెప్పేదే, కాదనను. కానీ అది తప్పుడు సలహా.

రోజూ పదకొండింటికి పడుకునే ఒళ్లు, ఆ ఒక్కరోజు తొమ్మిదింటికి పడుకోమంటే వింటుందా? రెండు గంటలు అటూ ఇటూ దొర్లి, గడియారం చూసి, "ఇంక నాలుగు గంటలే ఉంది" అని లెక్కలేస్తాం. దడ పుట్టించేది ఆ లెక్కే. నిజానికి ఒక్క రాత్రి నిద్ర తగ్గితే నెలల తరబడి చేసిన సాధన ఎక్కడికీ పోదు. పరుగు మామూలుకన్నా కాస్త కష్టంగా అనిపిస్తుంది, అంతే. మనల్ని నిలబెట్టేది అంతకుముందు వారం రోజుల నిద్ర.

మరి ఆ వారం మన నిద్ర తినేసేదెవరు? రాత్రి పదిన్నరకి గిన్నెలు, పొద్దున్న ఐదింటికి టిఫిన్ డబ్బాలు. వారమంతా ఒక్క గిన్నె కడగనివాళ్లు శనివారం రాత్రి "పడుకో" అంటే ఏం లాభం? సలహా వద్దు. సోమవారం నుంచి రాత్రి వంటింటి పని తీసుకోండి. రోజుకో ముప్పావుగంట నిద్ర మిగిలినా శనివారానికి మూడుముప్పావు గంటలు చేతిలో ఉంటాయి.

ఇక శనివారం. మధ్యాహ్నం రెండు దాటాక టీ, కాఫీ వద్దు. రాత్రి ఏడున్నరకల్లా అలవాటున్న తిండే, అన్నం, పప్పు, పెరుగు చాలు. బిబ్‌ని టీషర్టుకి నాలుగు పిన్నీసులతో కుట్టేసి, బూట్లు, సాక్సులు, ఆటో డబ్బులు కుర్చీ మీద పెట్టండి. పరుగు ఐదున్నరకైతే మూడుంపావుకి రెండు అలారాలు పెట్టి, ఫోన్ చేతికందనంత దూరంలో ఉంచండి. మర్చిపోతానేమోనన్న భయం సగం అక్కడే పోతుంది.

పడుకోవడం మాత్రం రోజూ పడుకునే వేళకే, మహా అయితే అరగంట ముందు. ఇరవై నిమిషాలైనట్టు అనిపించినా నిద్ర రాకపోతే లేచి, చిన్న లైటు వెలుగులో కూర్చోండి. మనసులో తిరిగేవన్నీ కాగితం మీద రాసేయండి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. అలా ఐదు నిమిషాలు. కళ్లు బరువెక్కాకే మళ్లీ మంచం ఎక్కండి. ఎక్కకపోయినా ఊరికే పడుకుని ఉండండి, అదీ విశ్రాంతే.

"జలుబు మాత్ర వేసుకో, నిద్రొస్తుంది" అనేవాళ్ల మాట అసలు వినకండి. ఆ మత్తు తెల్లవారినా దిగదు, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు కాళ్లు తడబడతాయి. జ్వరం, గుండెలో నొప్పి ఉంటే మాత్రం పరుగు మానేయాల్సిందే. వారాల తరబడి నిద్ర పట్టకపోతే డాక్టరుకి చూపించుకోవాలి. అది పందెం కంగారు కాదు.

కాబట్టి ఇంట్లోవాళ్లకి నా మాట ఒక్కటే: ఆమెను నిద్రపొమ్మనే ముందు, ఆ గిన్నెలు ఎవరు కడుగుతారో తేల్చండి.